వినిపించని గొంతును ముందుగా రాయండి

ప్రశ్న: "ఒకే నటుడితో పది నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాను. వేరే దేశంలో పని చేసే వలస కార్మికుడు అర్ధరాత్రి ఇంటికి ఫోన్ చేసి భార్యతో మాట్లాడతాడు, అంతే కథ. స్క్రిప్టు చదివిన వాళ్లంతా 'బాగుంది కానీ ఉపన్యాసంలా ఉంది' అంటున్నారు. భార్య గొంతు వినిపిస్తే ఆ లోపం పోతుందా? అసలు వినిపించాలా, వద్దా?"

వినిపించవద్దు. కానీ ఆమె మాటలు మొదటి నుంచి చివరి దాకా, ఒక్క 'ఊ' కూడా వదలకుండా రాయండి. షూటింగ్ రోజున ఆ మాటలను ఫోన్‌లో నిజంగా మాట్లాడే మనిషిని పెట్టుకోండి. ఉపన్యాసంలా ఉండటానికి కారణం ఆమె గొంతు వినిపించకపోవడం కాదు. మీరు రాసేటప్పుడే ఫోన్ అవతల ఎవరూ లేరు. మీ నటుడు ఆమె పేరు పెట్టి పిలుస్తూ ప్రేక్షకులతో మాట్లాడుతున్నాడు.

నేను వేదిక మీద ఏకపాత్రలు ఆడుతూ మొదలుపెట్టి, తర్వాత చిన్న సినిమాలకు సంభాషణలు రాయడం, నటులతో రిహార్సల్స్ చేయించడం వృత్తిగా పెట్టుకున్నవాణ్ణి. మన దగ్గర ఏకపాత్రాభినయానికి ఒక అలవాటు ఉంది. దుర్యోధనుడైనా, అల్లూరి అయినా, నటుడు సభను చూసి తన కథ తానే చెప్పుకుంటాడు. అక్కడ అది తప్పు కాదు, ఆ కళ స్వభావమే అది. ఫోన్ సినిమాకు మాత్రం ఆ అలవాటు పనికిరాదు. ఫోన్‌లో మాట్లాడే మనిషి కథ చెప్పడు. ఒక పని మీద ఫోన్ చేస్తాడు. అవతలి మనిషి అడ్డు తగులుతుంది, మాట మారుస్తుంది, అతను వద్దనుకున్నదే అడుగుతుంది. కథ ఆ పెనుగులాటలోంచి బయటికి రావాలి. మీరు తీస్తున్నది ఏకపాత్ర కాదు, సగం కప్పేసిన సంభాషణ.

1930లో పారిస్‌లో మొదటిసారి ఆడిన ఫ్రెంచ్ రచయిత కాక్తో నాటకం 'లా వ్వా యుమేన్' మొత్తం ఒక స్త్రీ ఫోన్‌లో మాట్లాడటమే. అవతలి ప్రియుడి గొంతు ఒక్కసారి కూడా వినపడదు. అప్పటి ఎక్స్ఛేంజీల పుణ్యమా అని లైన్ తెగిపోతుంది, మధ్యలో వేరేవాళ్లు వచ్చిపడతారు. ఆ అడ్డంకులతోనే ఆమె గొంతులో వేడి పెరుగుతుంది. తొంభై ఏళ్లు దాటినా అందులోంచి నేర్చుకోవలసింది ఒకటి ఉంది. ఫోన్ అనే పరికరం కూడా సన్నివేశంలో తన పని తాను చేయాలి.

ముందు రెండు ప్రశ్నలు తేల్చుకోండి: ఇప్పుడే ఎందుకు ఫోన్ చేశాడు? ఏది చెప్పకూడదు అనుకుంటున్నాడు?

"ఇల్లు గుర్తొచ్చింది, చేశాడు" అనేది జవాబు కాదు. అలాంటి ఫోన్ రోజూ చేస్తాడు. మీరు సినిమా తీస్తున్న రాత్రి ఫోన్‌కు వేరే కారణం ఉండాలి. ఆ కారణం చిన్నదైతే ఇంకా మంచిది. ఒక ఉదాహరణ పూర్తిగా కట్టి చూపిస్తాను.

మన మనిషి పేరు సత్యం అనుకుందాం. పని దగ్గర కుడి చేతి బొటనవేలు, చూపుడు వేలు నలిగాయి. కట్టు కట్టారు. కొన్ని వారాలు పని లేదు, కాబట్టి ఈ నెల డబ్బు పంపలేడు. ఊళ్లో ఇంటి పైకప్పు వేయడానికి శుక్రవారం మేస్త్రీకి బయానా ఇవ్వాలని భార్య పద్మతో ముందే మాట్లాడుకున్నారు. ఆ బయానా ఆపించడమే ఇవాళ్టి ఫోన్ పని. దాచవలసింది చేయి. ఇంతే. ఒక పని, ఒక రహస్యం.

ఇక్కడ చాలామంది పట్టించుకోని ఒక చిక్కు ఉంది. ఇప్పుడు ఇంటికి ఫోన్ చేసేవాళ్లలో చాలామంది వీడియో కాల్ చేస్తారు. మీ సినిమాలో ఫోన్ చెవికి ఆనించి మాట్లాడుతున్నాడంటే, ఎందుకు అన్న ప్రశ్న ప్రేక్షకుడికి వస్తుంది, పద్మకూ వస్తుంది. దాన్ని తప్పించుకోకండి, వాడుకోండి. సత్యం వీడియో పెట్టకపోవడానికి కారణం ఆ చేయే. అంటే మాట మొదలుకాక ముందే అతను ఒక అబద్ధం ఆడేశాడు. పద్మ మొదటి మాట "వీడియో పెట్టలేదేమిటి?" అయితే, నమస్కారాలూ కుశల ప్రశ్నలూ అయ్యేలోగానే సన్నివేశం నడకలో పడుతుంది.

ప్రేక్షకుడికి చేయి సంగతి ఎప్పుడు తెలియాలి? పద్మకంటే ముందు, మాట మొదలుకాక ముందు. దానికి సంభాషణ అక్కరలేదు. సత్యం మేడ మీదికి వస్తాడు, జేబులోంచి ఫోన్ తీస్తాడు, అలవాటు కొద్దీ కుడి బొటనవేలు వేలిముద్ర దగ్గర పెడతాడు. కట్టు అడ్డం, ఫోన్ తెరుచుకోదు. ఇంకోసారి పెడతాడు. తర్వాత ఎడమ చేత్తో ఒక్కో అంకె నొక్కుతూ తెరుస్తాడు. ఇరవై సెకన్లలో అయిపోయే పని ఇది. కట్టు మీదకు కెమెరా దూకించి దగ్గరగా చూపించనవసరం లేదు. వేలు పెట్టగానే ఫోన్ మొరాయించడం చాలు, ప్రేక్షకుడు తానే చూస్తాడు. చివర్లో అసలు సంగతిగా బయటపెట్టాలని చేతిని దాచకండి. దాస్తే మిగిలేది ఒక్క క్షణం ఆశ్చర్యం. ముందే చూపిస్తే అతను చెప్పే ప్రతి "బాగానే ఉన్నాను" వెనక ఏముందో ప్రేక్షకుడికి తెలుస్తూ ఉంటుంది.

ఇక మాటలు. ఇద్దరివీ రాసి చూపిస్తున్నాను. పద్మ మాటలు తెర మీద వినపడవు.

పద్మ: ఏమండీ, వీడియో పెట్టలేదేమిటి?

సత్యం: మేడ మీద ఉన్నాను. లైటు లేదిక్కడ.

పద్మ: చీకట్లో ఏం చేస్తున్నారు?

సత్యం: గదిలో అందరూ పడుకున్నారు. అమ్మ నిద్రపోయిందా?

పద్మ: ఇప్పుడే. మోకాళ్ల నొప్పులని ఒకటే మూలుగు.

సత్యం: డాక్టరు రాసిన మందు అయిపోయి ఉంటుంది. తెప్పించు.

పద్మ: తెప్పించాను లెండి. మీ గొంతు అలా ఉందేమిటి?

సత్యం: నిద్ర చాలలేదు. పద్మా, శుక్రవారం మేస్త్రీ వస్తానన్నాడు కదా. బయానా అప్పుడే ఇవ్వకు. ఒక నెల ఆగుదాం.

పద్మ: ఇవాళ పొద్దున్నే వచ్చాడండీ. అన్నయ్యను అడిగి తీసుకుని ఇచ్చేశాను.

సత్యం మాట్లాడడు.

పద్మ: హలో? వినపడుతోందా?

సత్యం: ఉన్నాను. మీ అన్నయ్యకు ఎప్పటికి ఇస్తానన్నావు?

పద్మ: పదో తారీఖుకు. మీరు పంపగానే ఇచ్చేద్దామని.

సత్యం: మంచిది. మంచి పని చేశావు. వానలు రాకముందే పైకప్పు వేయడం అయిపోతుంది.

ఇప్పుడు పద్మ మాటలను అరచేత్తో కప్పేసి సత్యం మాటలు మాత్రం చదవండి. "ఇచ్చేశాను" అన్న మాట ఎక్కడా లేదు. అయినా "మీ అన్నయ్యకు ఎప్పటికి ఇస్తానన్నావు?" అనగానే బయానా వెళ్లిపోయిందని, అదీ అప్పు చేసి ఇచ్చిందని తెలిసిపోతుంది. మీ స్క్రిప్టులో ఈ చోట ఏముండి ఉంటుందో ఊహించగలను: "ఏమిటీ, ఇచ్చేశావా? మీ అన్నయ్య దగ్గర అప్పు తీసుకుని ఇచ్చావా?" దీన్ని నేను ప్రతిధ్వని అంటాను. అవతలి మాటను ఇవతలి మనిషి మళ్లీ చెప్పి ప్రేక్షకుడికి అందించడం. ఫోన్ స్క్రిప్టుల్లో మొదట కొట్టేయవలసింది ఈ ప్రతిధ్వనినే. నిజజీవితంలో విన్న మాటను మళ్లీ అనం. విన్నదాని తర్వాతి మెట్టు మీద మాట్లాడతాం. డబ్బు వెళ్లిపోయిందని వినగానే సత్యం బుర్ర అప్పు తీర్చే తేదీ మీదికి పోతుంది. ఆ గెంతే ప్రేక్షకుడికి సమాచారం. మధ్యలో వదిలేసిన ఖాళీని అతను పూరించుకుంటాడు. అలా పూరించుకున్నది మీరు చెప్పినదానికంటే గట్టిగా తగులుతుంది.

ప్రతిధ్వని ఎప్పుడూ తప్పేనా అంటే, కాదు. నమ్మలేక మళ్లీ అడగడం మనుషుల స్వభావమే. పది నిమిషాల సినిమాలో ఒక్క చోటికి దాన్ని దాచి ఉంచుకోండి, అది కూడా ఒకే మాటగా. "పదో తారీఖా?" అన్నంత.

దీనికి కవల సోదరుడు లాంటి దోషం ఇంకొకటి: పద్మకు తెలిసిన విషయాన్ని పద్మకే చెప్పడం. "నేను ఇక్కడికి వచ్చి మూడేళ్లయింది, ఆరు అంతస్తుల కట్టడంలో ఇనుము వంచే పని చేస్తున్నాను, గదిలో పన్నెండు మంది ఉంటాం" అని ఏ భర్తా భార్యతో ఫోన్‌లో అనడు. అవి చిత్రం చూపించాలి. ఆరేసిన పన్నెండు చొక్కాలు, చెప్పుల వరస, గుమ్మం పక్కన వేలాడే హెల్మెట్లు. చూపించలేనివి ఉంటే పద్మకు కొత్తగా తెలిసే విషయంగా మార్చండి. "పై పరుపు కుర్రాడు వెళ్లిపోయాడు, ఇప్పుడు పదకొండు మందిమే" అంటే ఆమెకు అది వార్త, మనకు గది లెక్క. మీ స్క్రిప్టులో ప్రతి వాక్యం పక్కన ఒక గీత పెట్టి, "ఇది ఆమెకు తెలుసా?" అని రాసుకుంటూ పోండి. తెలుసు అన్నవన్నీ కొట్టేస్తే ఉపన్యాసం సగం పోతుంది. ఎంత పోయిందో చూసి మీరే ఆశ్చర్యపోతారు.

మౌనాలు రెండు రకాలు. నటుడికి రెండూ వేరుగా తెలియాలి.

ఒకటి, ఆమె మాట్లాడుతుంటే అతను వినడం. రెండోది, ఇద్దరూ మాట్లాడకపోవడం. తెర మీద రెండూ నోరు మూసుకున్న మనిషే. అయినా ప్రేక్షకుడు తేడా పట్టేస్తాడు. వినే మనిషి కళ్లు కదులుతూ ఉంటాయి, తల కొద్దిగా ఊగుతుంది, మధ్యలో "ఊ" పడుతుంది, మాట్లాడబోయి ఆగిపోతాడు. మాట లేనప్పుడు కళ్లు ఒక చోట నిలిచిపోతాయి. పాఠం బట్టీ పట్టిన నటుడు ఖాళీ దగ్గర మనసులో "ఒకటి, రెండు, మూడు" లెక్కపెట్టుకుంటాడు. కెమెరా ఆ లెక్కను చూస్తుంది. అందుకే అవతల నిజంగా మనిషి ఉండాలని అంటున్నాను.

పైన రాసినదాంట్లో "హలో? వినపడుతోందా?" ఊరికే వేయలేదు. ఫోన్‌లో ఒకరు మూడు నాలుగు సెకన్లు పలకకపోతే అవతలివాళ్లు లైన్ పోయిందనుకుంటారు. ఎదురెదురుగా కూర్చున్నవాళ్ల మౌనానికి లేని గడువు ఫోన్ మౌనానికి ఉంది. సత్యం ఆలోచించుకునే సమయాన్ని ఫోనే లాగేసుకుంటుంది, "ఉన్నాను" అనక తప్పదు. పది సెకన్ల మౌనం రాసి, అవతల నుంచి ఎవరూ "హలో" అనలేదంటే అవతల ఎవరూ లేరని ప్రేక్షకుడు కనిపెట్టేస్తాడు.

దూరపు కాల్‌లో మాట చేరడానికి కొంత ఆలస్యం కూడా ఉంటుంది. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లలోపు ఉంటే మనుషులు పెద్దగా గమనించరు. అది 400 దాకా వెళ్తే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ ఆగి, "నువ్వు చెప్పు" అనుకోవడం మొదలవుతుంది. ఒక్కసారి ఈ ఢీకొట్టుకోవడాన్ని సరైన చోట పెట్టండి. సత్యం చేతి సంగతి చెప్పేయబోయాడు, అదే క్షణంలో ఆమె ఏదో అంది, అతను ఆగిపోయి "నువ్వు చెప్పు" అన్నాడు. ఇక ఆ మాట మళ్లీ రాలేదు. ఒప్పుకోబోయి ఆగిపోయిన క్షణాన్ని ఏ సంభాషణా లేకుండా లైనే మీకు ఇచ్చేస్తుంది.

షూటింగ్‌లో అవతలి మనిషి

2013లో వచ్చిన 'లాక్' సినిమాలో టామ్ హార్డీ కారు నడుపుతూ ఫోన్లో మాట్లాడటమే మొత్తం కథ. మిగతా నటులు హోటల్ గదిలో కూర్చుని షూటింగ్ జరుగుతుండగానే అతనికి నిజంగా ఫోన్లు చేశారు. అక్కడ గొంతులు వినిపిస్తాయి, మీ దగ్గర వినిపించవు. పద్ధతి మాత్రం మీకూ అదే పనికొస్తుంది, ఖర్చు కూడా లేదు.

పద్మ మాటలు చదివే మనిషిని సెట్‌కు దూరంగా, గోడల అవతల గదిలో కూర్చోబెట్టండి. సత్యం ఫోన్‌కు నిజమైన కాల్ కలపండి. చెవిలో వచ్చే గొంతు స్థాయి తగ్గించండి, లేకపోతే నిశ్శబ్దంలో అది మైకులోకి దూరుతుంది. మొబైల్ సిగ్నల్ కొన్ని మైకుల్లో, తీగల్లో బుర్రుమనే చప్పుడు తెస్తుంది కాబట్టి ముందు రోజే ఒక నిమిషం రికార్డు చేసి హెడ్‌ఫోన్లలో వినండి. చప్పుడు ఉంటే వైఫై మీద కాల్ చేసి చూడండి, మైకు తీగను ఫోన్‌కు దూరంగా తిప్పి చూడండి. అవతలి గదిలో చదివే గొంతును కూడా వేరే మైకుతో, వేరే ట్రాకులో రికార్డు చేయాలి. ఎందుకో కింద చెబుతాను.

చదివే మనిషి దర్శకుడు కాకూడదు. దర్శకుడు చదివితే నటుడు భార్య మాటకు బదులు దర్శకుడి మాట వింటాడు. నటి దొరికితే మంచిదే, దొరకకపోతే తడబడకుండా మామూలుగా మాట్లాడగల ఎవరైనా సరే. రెండు మూడు టేకులు స్క్రిప్టు ప్రకారం అయ్యాక, ఆమెకు మాత్రం చెప్పి ఒక మాట మార్పించండి. "మీ గొంతు అలా ఉందేమిటి?" బదులు "ఏమైంది, నిజం చెప్పండి" అనమనండి. సత్యం జవాబు అదే, "నిద్ర చాలలేదు". కానీ ఆ జవాబు ఇప్పుడు వేరే మనిషి నోట్లోంచి వచ్చినట్టు ఉంటుంది. నా అనుభవంలో ఎడిటింగ్‌లో చివరకు నిలిచేవి ఎక్కువగా ఇలాంటి టేకులే.

కెమెరా, వెలుగు

ఇక్కడ మూడే మాటలు. ఫోన్ ఎప్పుడూ కెమెరాకు అవతలి వైపు చెవి దగ్గర ఉండాలి. ఇవతలి చెవి దగ్గర పెడితే చెయ్యీ ఫోనూ కలిసి సగం ముఖాన్ని మింగేస్తాయి. మన కథలో కుడి చెయ్యి పనికిరాదు కాబట్టి ఫోన్ ఎడమ చెవికే వస్తుంది. అంటే కెమెరా అతని కుడి వైపు ఉండాలి, అప్పుడు కట్టు ఉన్న చెయ్యి కూడా చట్రంలో ఇవతల పడుతుంది. కథే కెమెరా స్థానాన్ని నిర్ణయించింది.

రెండోది, ఫోన్ చెవి దగ్గరకు వెళ్లగానే తెర ఆరిపోతుంది. దగ్గరితనాన్ని పసిగట్టే సెన్సర్ ఆ పని చేస్తుంది. అయినా ఎన్నో షార్ట్ ఫిల్ములలో మాట్లాడుతున్నంత సేపూ చెంప మీద నీలి వెలుగు మెరుస్తూనే ఉంటుంది. చూసే ప్రతివాడికీ ఫోన్ ఉంది, అబద్ధమని ఇట్టే తెలుస్తుంది. మాట్లాడేటప్పుడు ముఖానికి వెలుగు వేరే చోటి నుంచి రావాలి, మెట్ల దగ్గరి బల్బు లాంటిది. ఫోన్ తెర వెలుగు ముఖం మీద పడేది రెండే చోట్ల, కాల్ ముందు, కాల్ అయ్యాక ఫోన్ చెవి నుంచి దించినప్పుడు. ఆ రెండో వెలుగు మీకు ఉచితంగా దొరికే మార్పు. అప్పటిదాకా గొంతుతో కాపాడుకున్న ముఖం అప్పుడు కనపడుతుంది.

మూడోది కోత. ఒకే షాటులో తీయాలన్న పట్టుదల అక్కరలేదు. రెండు కెమెరాలు ఉంటే మొత్తం కాల్‌ను ఆపకుండా రెండు వైపుల నుంచి తీయండి. మాట్లాడే వేగం టేకు టేకుకూ మారుతుంది, ఒకే టేకులోని రెండు చిత్రాలైతే అతుకు కనపడదు. కోత పెట్టేటప్పుడు అతను మాట్లాడుతున్నప్పుడో, కదులుతున్నప్పుడో పెట్టండి. వింటున్న ఖాళీ మధ్యలో కోయవద్దు. అక్కడ కోస్తే ఆ ఖాళీ ఎంతసేపన్నది మీరు నిర్ణయించారని తెలిసిపోతుంది, పద్మ అక్కడ లేకుండా పోతుంది.

నిశ్శబ్ద రాత్రికి చప్పుడు కావాలి

సౌండ్ ట్రాకును ఖాళీగా వదిలేస్తే నిశ్శబ్దం అనిపించదు, సౌండ్ పోయిందనిపిస్తుంది. రాత్రి నిశ్శబ్దంగా ఉందని తెలియాలంటే మామూలుగా వినపడని చిన్న చప్పుడు ఒకటి వినపడాలి. ఒకటే ఎంచుకోండి. కుక్కలు, కీచురాళ్లు, రైలు కూత, దూరపు పాట అన్నీ పోసేస్తే అది రాత్రి కాదు, సంత. మన మేడకు నేనైతే నీళ్ల మోటారు తీసుకుంటాను. సన్నని హోరు మొదటి నుంచీ ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. పద్మ "ఇచ్చేశాను" అన్న కొద్ది క్షణాలకు ట్యాంకు నిండి మోటారు ఆగిపోతుంది. అప్పటిదాకా ఒక చప్పుడు ఉందని ప్రేక్షకుడికి అప్పుడే తెలుస్తుంది. నేపథ్య సంగీతం వేద్దామనుకున్న చోట దాని అవసరమే రాదు.

అయితే ఆ మోటారును షూటింగ్‌లో నడపకండి. మాటల కింద హోరు ఉంటే ఏ రెండు టేకులూ అతకవు. మోటారు, ఫ్రిజ్, ఫ్యాను అన్నీ ఆపి మాటలు శుభ్రంగా తీసుకోండి. మోటారు చప్పుడును, అది ఆగే చప్పుడును విడిగా రికార్డు చేసి ఎడిటింగ్‌లో వేయండి. ఫ్రిజ్ ఆపినప్పుడు బండి తాళాలు అందులో పెట్టడం సౌండ్ వాళ్ల పాత చిట్కా. తాళాల కోసం వెళ్లినవాడు స్విచ్ వేయడం మరిచిపోడు. అందరూ సెట్‌లో ఉండగానే, ఎవరూ కదలకుండా ఒక నిమిషం ఆ చోటి నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేసుకోండి. మాటల మధ్య ఖాళీలను నింపేది అదే.

ఇప్పుడు ఆ వేరే ట్రాకు సంగతి. గొంతు వినిపించవద్దన్నాను, నిజమే. కానీ అంత నిశ్శబ్దంలో ఫోన్‌లోంచి మాట కొద్దిగా బయటికి వస్తుంది. దగ్గరి షాటులో అది అసలు లేకపోతే బొమ్మ ఫోన్ అనిపిస్తుంది. అవతలి గదిలో రికార్డు చేసిన పద్మ గొంతును తీసుకుని, 300 హెర్ట్జ్‌కు కిందివీ 3400కు పైవీ కోసేయండి. పాత టెలిఫోన్ లైన్ మోసే మేర అదే. తర్వాత స్థాయిని తగ్గించుకుంటూ పోయి, గొంతు ఉందని తెలిసి మాట మాత్రం తెలియని చోట ఆపండి. దగ్గరి షాట్లలోనే వేయండి, దూరపు షాట్లలో తీసేయండి. స్క్రిప్టు తెలిసిన మీ చెవికి ప్రతి మాటా వినపడుతున్నట్టే ఉంటుంది, కాబట్టి కథ తెలియని మనిషికి వినిపించి స్థాయి ఖాయం చేయండి.

షూటింగ్‌కు ముందు చేయవలసిన పరీక్ష

సత్యం మాటలు మాత్రమే ఉన్న ప్రతిని, ఖాళీలను చుక్కలతో చూపిస్తూ, కథ తెలియని ఒకరికి ఇవ్వండి. చదివాక అవతలి మనిషి ఎవరు, ఆమెకు ఏం కావాలి, ఎక్కడ ఆమె అతన్ని ఇరకాటంలో పెట్టింది అని అడగండి. మూడింటికీ జవాబు వస్తే స్క్రిప్టు నిలబడినట్టే. "అతను చాలా బాధపడుతున్నాడు" అని మాత్రమే చెప్పి, ఆమె గురించి ఏమీ చెప్పలేకపోతే పద్మను మీరు ఇంకా రాయలేదు. సత్యం మాటలు ముట్టుకోకుండా ముందు ఆమె మాటలు దిద్దండి. అతని మాటలు వాటంతటవే మారతాయి.

ఏడుపు గురించి ఒక్క మాట. అతను ఫోన్‌లో ఏడిస్తే పద్మకు వినపడుతుంది, వినపడితే ఆమె అడుగుతుంది, అడిగితే మీ కథ వేరే దారి పడుతుంది. దాచడం అతని పని కాబట్టి గొంతును మామూలుగా ఉంచడానికే అతని శక్తంతా పోవాలి. "మంచి పని చేశావు" అన్న మాటను నటుడు బరువుగా అంటుంటే, మరీ సంతోషంగా అనమని చెప్పండి.

నిడివి పది నిమిషాలు ఎక్కువే అనిపిస్తోంది. పేజీకి ఒక నిమిషం అన్న మామూలు లెక్క ఇక్కడ కుదరదు, ఖాళీలు కాగితం మీద చోటు తీసుకోవు. గడియారం పెట్టుకుని ఇద్దరితో చదివించి కొలవండి. ఒక పని, ఒక రహస్యం, ఒక మలుపు ఉన్న కాల్ ఏడు నిమిషాల దాకా బిగువుగా నడుస్తుంది. అంతకు మించితే పద్మకు కూడా చెప్పకూడనిది ఒకటి ఇవ్వాల్సి వస్తుంది. అది ఇంకో సినిమా.

చివరగా, నటుణ్ణి పంపించేసే ముందు అదే చోట, అదే మైకుతో, కెమెరా లేకుండా ఒక పది రకాల "ఊ", "ఆ", "సరే", "ఉన్నాను", "చెప్పు" రికార్డు చేసి పెట్టుకోండి. ఎడిటింగ్‌లో ఖాళీ ఎక్కడో పొడుగైపోయిందని, లేదా అతను వింటున్నట్టు లేదని తెలిసేసరికి సెట్ తీసేసి ఉంటారు. అతని ముఖం కనపడని షాటులో ఒక్క "ఊ" పడితే ఆ చోట పద్మ మళ్లీ లైన్‌లోకి వచ్చేస్తుంది.